అన్నిటినీ ఫేక్ అనేవాడికి సున్నా: కాగితాల మీద ఆడే సైబర్ ఆటలో మార్కుల లెక్క

ఆన్‌లైన్ మోసాల గురించి పిల్లలకు చెప్పే పాఠం చాలాచోట్ల ఒకేలా సాగుతుంది. స్క్రీన్ మీద పది మోసపు మెసేజ్‌లు వరసగా చూపిస్తారు. ఒక్కోదాంట్లో తేడా ఎక్కడుందో చెబుతారు. చివర్లో చిన్న క్విజ్ పెడతారు. పిల్లలకు పదికి తొమ్మిదో పదో వస్తాయి, అందరూ సంతోషంగా ఇళ్లకు వెళ్తారు. ఆ క్విజ్‌లోని పది ప్రశ్నలూ మోసాలే అయితే మాత్రం, ఏదీ చదవకుండా 'ఫేక్, ఫేక్' అని టిక్కులు పెట్టుకుంటూ పోయిన కుర్రాడికి కూడా పదికి పది వస్తాయి. వాడు నేర్చుకున్నది అనుమానపడటం ఒక్కటే.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ఇలాంటి పరీక్షల్నే పరీక్షించారు. అవగాహన పాఠం చదివాక జనం ఎక్కువ మెయిళ్లను మోసం అని గుర్తుపెట్టారు. కానీ ముందున్న మెయిళ్లలో నిజంగా ఎన్ని మోసాలున్నాయన్నదానికీ, వాళ్లు పెట్టిన గుర్తుల సంఖ్యకూ పొంతన లేదు. పాఠం వాళ్లలో భయాన్ని పెంచింది, తేడా పట్టే నేర్పును పెంచలేదు. ఫోనూ కంప్యూటరూ లేకుండా, కాగితం ముక్కలతో పిల్లల చేత ఆడించే ఆటల్లోనూ ఇదే లోపం చొరబడుతుంది. ఆట బాగుందా లేదా అన్నది చూడాలంటే ముందుగా చూడాల్సింది దాని మార్కుల లెక్కనే.

విశాఖపట్నంలో ఇంటర్ చదివే పిల్లల కోసం ఒక ఆట తయారు చేస్తున్నామనుకుందాం. ఫోన్ అక్కర్లేని ఆట కావడానికి ఇక్కడ గట్టి కారణమే ఉంది. చాలా జూనియర్ కాలేజీల్లో, ముఖ్యంగా హాస్టళ్లలో, ఫోన్ గేటు దగ్గరే ఆగిపోతుంది. పైగా నిజమైన మోసపు లింకును పిల్లల ఫోన్లలోకి పంపి పాఠం చెప్పడం ప్రమాదం. కాగితం మీది లింకును ఎంత నొక్కినా ఏమీ కాదు. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ శాస్త్రం చెప్పే పద్ధతిని న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు 1990ల్లోనే వ్యాప్తిలోకి తెచ్చారు. ఈ ఆటలూ ఆ కోవలోవే.

ఇరవై చీటీలు, ఆరు బిళ్లలు

నలుగురు పిల్లలు ఒక జట్టు. బల్ల మీద ఇరవై చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక్కో మెసేజ్. పది నిజమైనవి, పది మోసాలు. ఎన్ని ఏ రకమో పిల్లలకు చెప్పకూడదు. జట్టు ఆ చీటీలను 'నిజం', 'మోసం' అని రెండు కుప్పలుగా పెట్టాలి. తేల్చుకోలేకపోతే 'వేరే దారిలో కనుక్కుంటాం' అనే మూడో కుప్పలో వేయొచ్చు. అయితే దానికొక బిళ్ల ఖర్చవుతుంది, జట్టుకు ఉన్నవి ఆరే బిళ్లలు. బయట కూడా వచ్చిన ప్రతి మెసేజ్ గురించి బ్యాంకుకు వెళ్లి అడిగే తీరిక ఎవరికీ ఉండదు కదా.

మార్కులు ఇలా వేయాలి. ఏ రకం చీటీనైనా సరైన కుప్పలో పెడితే ఒక మార్కు. నిజమైనదాన్ని మోసం అంటే ఒక మార్కు పోతుంది. మోసాన్ని నిజం అని నమ్మితే రెండు మార్కులు పోతాయి, ఎందుకంటే ఆ పొరపాటుకు బయట పడే దెబ్బ పెద్దది. మూడో కుప్పలో వేసిన చీటీకి ఎవర్ని ఎలా అడుగుతారో వెనకాల రాయాలి. అది సరైన దారి అయితే ఒక మార్కు. 'మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకే ఫోన్ చేస్తాం' అని రాస్తే బిళ్లా పోతుంది, మార్కూ రాదు.

ఈ లెక్కలో అన్నిటినీ మోసం అన్న జట్టుకు పది వచ్చి పది పోతాయి. మిగిలేది సున్నా. అన్నిటినీ నమ్మిన జట్టుకు మైనస్ పది.

ఇప్పుడు మామూలు ఉపన్యాసం ఏం చేస్తుందో చూడొచ్చు. ఉదాహరణకు ఒక జట్టు ఉపన్యాసానికి ముందు పది మోసాల్లో ఆరు పట్టి నాలుగు వదిలేసిందనుకుందాం. నిజమైన పదిలో ఎనిమిదిని నిజమే అంది, రెంటిని అనవసరంగా అనుమానించింది. ఆరులోంచి ఎనిమిది తీసేసి, ఎనిమిది కలిపి, రెండు తీసేస్తే నాలుగు మార్కులు. ఉపన్యాసం విన్నాక అదే జట్టు తొమ్మిది మోసాలు పట్టింది, ఒకటే వదిలింది. అయితే నిజమైన పదిలో ఆరింటిని మోసం అంది. తొమ్మిదిలోంచి రెండు పోయి, నాలుగు కలిసి, ఆరు పోతే మిగిలేది ఐదు. మోసాలు మాత్రమే లెక్కపెట్టే క్విజ్‌లో ఈ జట్టు ఆరు నుంచి తొమ్మిదికి ఎగబాకినట్టు కనిపిస్తుంది. రెండు రకాలూ లెక్కపెడితే నాలుగు నుంచి ఐదుకు వచ్చింది, అంతే.

అనుమానం ఎక్కువైతే పోయేదేముంది అని కొందరికి అనిపించవచ్చు. పోయేది ఉంది. నిజమైన హెచ్చరికను, ఫీజుకు ఆఖరి తేదీని, బ్యాంకు పంపిన 'ఈ లావాదేవీ మీరు చేయకపోతే వెంటనే తెలపండి' అన్న మెసేజ్‌ను కూడా ఫేక్ అని తీసిపారేస్తారు. అంతకంటే మామూలుగా జరిగేది ఇంకొకటుంది. నాలుగైదు సార్లు అనుమానించినవి నిజమే అని తేలాక, ఆ కుర్రాడు నేర్చుకున్న జాగ్రత్త మొత్తాన్నీ పక్కన పెట్టేస్తాడు.

కవల చీటీలు

ఆట బాగోగులు చీటీల మీద ఆధారపడతాయి. మోసపు చీటీల నిండా అక్షరదోషాలు పెట్టి, నిజమైనవాటిని శుభ్రంగా రాస్తే పిల్లలు అక్షరదోషాలు వెతకడం నేర్చుకుంటారు. ఈ రోజుల్లో మోసగాళ్ల మెసేజ్‌లు మంచి తెలుగులో, మంచి ఇంగ్లీషులో వస్తున్నాయి. నిజమైన ఆఫీసు మెసేజ్‌లలోనే వంకర వాక్యాలు, పెద్ద అక్షరాలు, 'ఈరోజే ఆఖరు' అన్న తొందర కనిపిస్తాయి. అందువల్ల చీటీలను జంటలుగా తయారు చేయడం మంచిది. జంటలో రెండూ చూడటానికి ఒక్కలాగే ఉండాలి, ఒక్కచోట మాత్రం తేడా ఉండాలి. ఆ తేడా భాషలో ఉండకూడదు. మెసేజ్ ఏం అడుగుతోంది, ఏ దారిలో అడుగుతోంది అన్నదాంట్లో ఉండాలి.

ఒక జంటను దగ్గరగా చూద్దాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో 'మన మిత్ర' అనే వాట్సాప్ సేవ మొదలుపెట్టింది, నంబరు 9552300009. ఇంటర్ హాల్‌టికెట్లు, ఫలితాలు కూడా అందులో తీసుకునే వీలు కల్పించారు. మొదటి చీటీ మీద ఇలా ఉంటుంది: విద్యార్థి తానే ఆ నంబరుకు మెసేజ్ పెట్టాడు, సేవల జాబితా వచ్చింది, హాల్‌టికెట్ ఎంచుకున్నాక వివరాలు అడిగింది. రెండో చీటీలో అదే లోగో, అదే పలకరింపు. కానీ మెసేజ్ అవతలి నుంచే మొదలైంది, నంబరు వేరు, 'మీ మార్కుల్లో తేడా గుర్తించాం, సరిచేయడానికి ఈ యూపీఐ ఐడీకి 499 రూపాయలు పంపండి' అంటుంది.

బల్ల దగ్గర ఇలాంటి జంట మీద వాదన రావాలి. "గవర్నమెంటోళ్లు వాట్సాప్‌లో హాల్‌టికెట్ ఇస్తారేటి, రెండూ ఫేకే" అని ఒకడంటాడు. "మా అక్కకి అలాగే వచ్చింది రా" అని ఇంకొకడంటాడు. వాట్సాప్‌లో వచ్చిందంటే అబద్ధమే అన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. లోగో ఉంది కాబట్టి నిజమే అన్న సూత్రమూ పనిచేయదు. మాట ఎవరు మొదలుపెట్టారు, ఆ నంబరు ప్రభుత్వం ప్రకటించినదేనా, డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తోంది అన్న మూడు ప్రశ్నల దగ్గరికి జట్టు రాక తప్పదు. దీనికి బిళ్ల వాడిన జట్టు 'వచ్చిన మెసేజ్‌కు బదులివ్వం, ప్రభుత్వం ప్రకటించిన నంబరుకు మేమే కొత్తగా మెసేజ్ పెడతాం, లేదా కాలేజీ ఆఫీసులో అడుగుతాం' అని రాస్తే మార్కు ఇవ్వొచ్చు.

రెండో జంట యూపీఐది. ఇంట్లో పాత సైకిల్‌ను యాప్‌లో అమ్మకానికి పెట్టారు. ఒక చీటీలో కొనేవాడు అమ్మేవాళ్ల యూపీఐ ఐడీ అడిగి డబ్బు పంపాడు. ఇంకో చీటీలో కొనేవాడు క్యూఆర్ కోడ్ పంపి, 'ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు జమవుతుంది' అన్నాడు. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది. ఈ వాక్యం తెలిసిన పిల్లలు చాలామందే ఉంటారు. అయినా చీటీలో కొనేవాడు సైన్యంలో ఉన్నానని చెప్పి గుర్తింపు కార్డు ఫొటో పంపితే కొందరు తడబడతారు. నేవీ ఊరు కదా, యూనిఫాం మీద ఇక్కడివాళ్లకున్న గౌరవాన్నే మోసగాడు వాడుకుంటాడు. ఆ ఫొటోను చీటీ మీద పెట్టకపోతే ఆట మరీ తేలికైపోతుంది.

ఇంకో చీటీ కరెంటు బిల్లుది. 'ఈ రాత్రి 9:30కి మీ కనెక్షన్ కట్ చేస్తాం, వెంటనే మా ఆఫీసర్‌కు ఫోన్ చేయండి' అని పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి వస్తుంది. దీని కవల, బిల్లు ఎంతో ఎప్పటిలోగా కట్టాలో మాత్రమే చెప్పే మామూలు మెసేజ్. పదిహేడేళ్ల పిల్లలకు కరెంటు బిల్లుతో ఏం పని అనుకోవద్దు. చాలా ఇళ్లలో అమ్మానాన్నల ఫోన్‌కు వచ్చిన మెసేజ్ చదివి చెప్పేది, ఓటీపీ చూసి చెప్పేది ఈ పిల్లలే.

ఉద్యోగం చీటీ విశాఖలో తప్పనిసరి. 2024 మేలో నగర పోలీసులు ఒక ముఠా గుట్టు బయటపెట్టారు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకులను కాంబోడియాకు చేర్చి, అక్కడ వాళ్లచేత బలవంతంగా సైబర్ నేరాలు చేయించారు. బాధితుల్లో కొందరు వెనక్కి వచ్చారు. ఇక్కడి కుర్రాళ్లను మోసపు మెసేజ్‌తో పట్టి, అక్కడ ఇంకొకరికి మోసపు మెసేజ్‌లు పంపించే పనిలో పెట్టారన్నమాట. ఈ చీటీకి బిళ్ల వాడితే సరైన జవాబు ఒకటుంది. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లు కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి, ఆ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ ఉద్యోగంలో చేరొచ్చు అన్నవాడితో ఇక మాట్లాడాల్సిందేమీ లేదు.

కత్తెరతో లింకు

లింకు చదవడం విడిగా, నెమ్మదిగా నేర్పాలి. ఒక పొడవాటి కాగితం పట్టీ మీద ఇలా రాయాలి (బ్యాంకు పేరు కల్పితం, `.example` అన్న మాట ఉదాహరణల కోసమే కేటాయించినది):

```
https://teerambank.bank.in.kyc-form.example/login
```

పిల్లలు ముందుగా పక్కపక్కనున్న రెండు ఏటవాలు గీతల దగ్గర ఒకసారి కత్తిరించాలి. ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీత దగ్గర మళ్లీ కత్తిరించాలి. మధ్యలో మిగిలిన ముక్కను కుడి చివర నుంచి ఎడమకు చదవాలి. సైట్ యజమాని ఎవరో చెప్పేది ఆ కుడి చివర. ఇక్కడ అది `kyc-form.example`. దానికి ముందున్న బ్యాంకు పేరు ఎవరైనా తగిలించుకోగల తోక మాత్రమే. భారత బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా `.bank.in` చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది కాబట్టి, మన బ్యాంకుల విషయంలో ఈ పని తేలికైంది. కత్తిరించిన ముక్క `.bank.in`తో ముగియాలి. మధ్యలో ఎక్కడో ఆ మాట ఉంటే చాలదు. ఈ పట్టీలో ఉన్నది సరిగ్గా ఆ ఉచ్చే.

కాగితానికి ఇక్కడొక ఇబ్బంది ఉంది. పట్టీ మీద లింకు మొత్తం కనిపిస్తుంది, ఫోన్‌లో చాలాసార్లు మొదటి భాగమే కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా అట్టముక్కలో పద్దెనిమిది అక్షరాలు మాత్రమే కనిపించేంత కిటికీ కోసి, దాన్ని పట్టీ మీద ఆ రెండు ఏటవాలు గీతల తర్వాత పెట్టాలి. ఇప్పుడు పిల్లలకు కనిపించేది `teerambank.bank.in` మాత్రమే, సరిగ్గా పద్దెనిమిది అక్షరాలు. అందరూ నిజమే అంటారు. అట్టను కుడికి జరిపాక మొహాలు మారతాయి. ఆటలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే క్షణం ఇదే. నియమం చెప్పడం కంటే ఆ అట్టముక్క ఎక్కువ పని చేస్తుంది.

ముక్కలు కలిపితే మనిషి

వ్యక్తిగత సమాచారం ఆటలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 'మీ గురించి ఆన్‌లైన్‌లో ఏమేం ఉందో రాయండి' అని పిల్లల చేత వాళ్ల పుట్టినతేదీ, ఫోన్ నంబరు, ఇన్‌స్టా ఐడీ రాయిస్తారు. సమాచారం దాచుకోమని చెప్పే ఆటే దాన్ని బయటపెట్టిస్తుంది, ఆ కాగితాలు తర్వాత ఎవరి చేతిలో పడతాయో తెలియదు. కల్పిత మనుషులతో ఆడించడమే సరైన పద్ధతి.

నలభై ఎనిమిది కార్డులు, ఒక్కోదాని మీద ఒక కల్పిత విద్యార్థి. నలుగురిలో ఒకరు గాజువాక, ఒకరు మద్దిలపాలెం, ఒకరు మధురవాడ, ఒకరు పెందుర్తి. గ్రూపు ఎంపీసీ, బైపీసీ, సీఈసీల్లో ఒకటి. పుట్టినరోజు ఏడాదిలోని నాలుగు మూడునెలల్లో ఏదో ఒక దాంట్లో. ఒక జట్టు మనసులో ఒక కార్డు అనుకుంటుంది, ఆ మనిషి పెట్టినట్టుగా మూడు పోస్టులు చదువుతుంది. 'మా మధురవాడలో వాన' అనగానే నలభై ఎనిమిది కార్డులు పన్నెండుకు తగ్గుతాయి. 'బోటనీ రికార్డు చంపేస్తోంది' అంటే బైపీసీ అని తెలిసిపోయి నాలుగు మిగులుతాయి. ఆగస్టులో పెట్టిన కేకు ఫొటోతో ఒక్కటే మిగులుతుంది. ఎక్కడా పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. అమెరికాలో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో చూపించింది ఇదే. అక్కడి జనాభాలో 87 శాతం మందిని పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, పుట్టినతేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే విడిగా గుర్తుపట్టవచ్చని ఆమె లెక్క తేల్చారు.

ఈ ఆటను ఇక్కడే ఆపకుండా మళ్లీ మొదటి ఆటకు కలపాలి. రెండో విడత చీటీల్లో మోసపు మెసేజ్‌లన్నీ ఆ కల్పిత విద్యార్థి వివరాలతో ఉంటాయి: మధురవాడలో బైపీసీ చదువుతున్న అమ్మాయికి నీట్ కోచింగ్ స్కాలర్‌షిప్, పుట్టినరోజు కానుక, కాలేజీ పేరుతో ఫీజు రాయితీ. నిజమైన మెసేజ్‌లలో కొన్నిటిలో పేరు కూడా ఉండదు. మొదటి విడతలో బాగా ఆడిన జట్లు కూడా ఇక్కడ తప్పు చేసే అవకాశం ఎక్కువ, ఎందుకంటే 'మన వివరాలు తెలిసినవాడు మనవాడే' అన్న నమ్మకం మనకు తెలియకుండానే పనిచేస్తుంది. ఏ వివరం ఏ పోస్టులోంచి వచ్చిందో జట్టు వెనక్కి వెతికి, చీటీకి ఆ పోస్టును జతచేస్తే అదనంగా ఒక మార్కు ఇవ్వాలి. ఏం పోస్టు చేయకూడదో జాబితా ఇవ్వడం కంటే ఇది మేలు. కేకు ఫొటో పెట్టొద్దంటే పదహారేళ్ల పిల్లలు వినరు, వినాల్సిన అవసరమూ లేదు. ఆ ఫొటో చూసినవాడికి తేదీ తెలుసునని గుర్తుంటే చాలు.

బల్ల మీద లేనివి

ఆటకు ఉన్న హద్దులు తెలుసుకోకపోతే దాని ఫలితాన్ని ఎక్కువ అంచనా వేస్తాం. బల్ల మీద సగం చీటీలు మోసాలు. బయట వందల మెసేజ్‌ల మధ్య ఎప్పుడో ఒకటి వస్తుంది, అరుదుగా వచ్చేదాన్ని కళ్లు వదిలేస్తాయి. అందుకని ఆట అయిపోయిన తర్వాతి రెండు వారాల్లో, కాలేజీ నోటీసు బోర్డులో మామూలు నోటీసుల మధ్య ఒకటో రెండో దొంగ నోటీసులు పెట్టాలి. ప్రిన్సిపాల్‌కు ముందే చెప్పి, క్యూఆర్ కోడ్ ఉన్నచోట ఏమీ తెరుచుకోని గళ్ల బొమ్మ వేసి, పిల్లలు ఎవరైనా వచ్చి అడుగుతారేమో చూడాలి. బల్ల దగ్గర వచ్చిన మార్కుల కంటే ఈ లెక్క ఎక్కువ నిజం చెబుతుంది.

బల్ల దగ్గర టెన్షన్ కూడా ఉండదు. ఫోన్‌లో పోలీసునంటూ ఒకడు గద్దిస్తుంటే, ఫోన్ పెట్టేయొద్దని, ఎవరికీ చెప్పొద్దని బెదిరిస్తుంటే చీటీల పాఠం గుర్తుకు రాకపోవచ్చు. దీనికి ఇసుక గడియారం పెట్టడం లాంటివి కొంత పనికొస్తాయి, పూర్తిగా కాదు. అందువల్ల ఆ ఇరవైకి తోడుగా రెండు చీటీలు 'ఇప్పటికే మోసపోయాం' అన్నవి ఉండాలి. డబ్బు పోయి పది నిమిషాలైంది, అమ్మ ఫోన్ నీ చేతిలో ఉంది, ఇప్పుడేం చేస్తావు? సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, బ్యాంకుకు చెప్పడం, లావాదేవీ నంబరు ఉన్న స్క్రీన్‌షాట్ తీసి ఉంచడం, `cybercrime.gov.in`లో ఫిర్యాదు నమోదు చేయడం. వీటి కంటే ముందు ఇంకొకటుంది, ఇంట్లో చెప్పడం. తిడతారన్న భయంతో పిల్లలు రాత్రంతా దాచిపెడితే, ఆలోపు డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఈ చీటీకి జట్టు ఇచ్చే జవాబులో అమ్మానాన్నలు ఎక్కడ వస్తారో గమనిస్తే, తర్వాత తల్లిదండ్రుల సమావేశంలో ఏం మాట్లాడాలో తెలుస్తుంది.

నేర్చుకున్నది ఎన్నాళ్లు నిలుస్తుందన్నదానికి జర్మనీలో ఒక ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగుల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం కొంత ఆధారం ఇస్తుంది. మోసపు మెయిళ్లను గుర్తుపట్టే శిక్షణ ప్రభావం నాలుగు నెలల తర్వాత కూడా కనిపించింది, ఆరు నెలలకు కనిపించలేదు. వాళ్లు పెద్దవాళ్లు, పని వేరు. అయినా జూన్‌లో ఒకసారి ఆడించి ఏడాదంతా సరిపోతుందనుకోకూడదు. అడ్మిషన్ల తర్వాత ఒకసారి, మళ్లీ హాల్‌టికెట్ల కాలానికి ముందు ఒకసారి అంటే ఆ గడువుకు దగ్గరగా సరిపోతుంది. పరీక్షలు, ఫలితాలు, కౌన్సెలింగ్ పేరుతో దొంగ మెసేజ్‌లు తిరిగే కాలం కూడా అదే.

రెండోసారి ఆడించేటప్పుడు పాత చీటీలే తీయకూడదు. పిల్లలకు జవాబులు గుర్తుంటాయి, పైగా మోసాలూ నియమాలూ మారిపోతాయి. మనుషుల మధ్య యూపీఐలో 'డబ్బు పంపండి' అని పంపే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు నుంచి ఆపేశారు కాబట్టి, ఆ చీటీ ఇంకా కుప్పలో ఉంటే తీసేయాలి. క్యూఆర్ చీటీ మాత్రం ఉంచాలి, ఆ మోసానికి కలెక్ట్ రిక్వెస్టుతో పనిలేదు. ప్రతిసారీ ఇరవైలో ఆరేడు చీటీలను మార్చాలి, కొత్తవాటికి సరుకు పిల్లల ఇళ్లలోనే దొరుకుతుంది. ఆ నెలలో ఇంట్లో ఎవరికైనా వచ్చిన మెసేజ్‌ను పేర్లు, నంబర్లు, ఖాతా అంకెలు కొట్టేసి చేత్తో రాసి తెమ్మంటే చాలు.